నాలుగు ఉద్యోగాలు, నాలుగు కాలమ్‌లు: వెయిట్ వేసే ముందు సున్నా ఎక్కడో, పది ఎక్కడో రాయండి

ప్రశ్న: "మాది ఒంగోలు. మెకానికల్‌లో ఆరేళ్ల అనుభవం. భార్య ఇక్కడే స్కూల్లో టీచర్, అమ్మానాన్న మాతోనే ఉంటారు, నాన్న ఆరోగ్యం అంత బాగోదు. నేను ఎక్కడ చేరినా కుటుంబం ఒంగోలులోనే. హైదరాబాద్ (7.2 లక్షలు), శ్రీసిటీ (6 లక్షలు), కృష్ణపట్నం వైపు కాంట్రాక్టర్ కింద (4.8 లక్షలు), చీమకుర్తి గ్రానైట్ యూనిట్ (4.2 లక్షలు), ఈ నాలుగు చోట్ల అవకాశం ఉంది. ఎక్సెల్‌లో జీతానికి 40, ఎదుగుదల, ఊరు, స్థిరత్వాలకు తలా 20 వెయిట్ పెడితే వరుసగా 7.2, 7.0, 6.8, 6.8 వచ్చాయి. జీతం వెయిట్ 30కి తగ్గించి ఊరికి 30 ఇస్తే చివర ఉన్న చీమకుర్తి మొదటికి వచ్చింది, హైదరాబాద్ అట్టడుగుకు పోయింది. ఇంకేం నమ్మాలి? టెన్షన్‌గా ఉంది."

సమాధానం:

ఇప్పుడున్న షీట్‌ని నమ్మొద్దు. అలాగని వెయిట్లను సరిచేస్తూ కూర్చోవద్దు, తప్పు అక్కడ లేదు. మీరు కింద పెట్టిన షీట్ చూశాను. పదహారు గడుల్లో ఒక 4, రెండు 9లు తప్ప మిగతావన్నీ 6, 7, 8లే. అన్నిటికీ మంచి మార్కులే వేస్తే మొత్తాలు దగ్గర దగ్గరగానే వస్తాయి, వెయిట్ కాస్త కదిపినా వరుస తారుమారవుతుంది. ముందు ఒక్కో కాలమ్‌లో సున్నా అంటే ఏమిటో, పది అంటే ఏమిటో మాటల్లో రాయండి. ఆ తర్వాతే మార్కులు వేయండి. వెయిట్లు అన్నిటికంటే చివర. ఇలా చేసి చూస్తే మీ నాలుగింటిలో రెండు వాటంతట అవే పక్కకు పోతాయి. అసలు నిర్ణయం మిగిలిన రెండింటి మధ్యే.

నేను నెల్లూరు, ఒంగోలు వైపు ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ పనిలో పద్దెనిమిదేళ్లు ఉన్నాను. ఆఫర్ లెటర్లు తయారు చేసిన చేతులే కాబట్టి మొదట జీతం సంగతి తీసుకుంటాను, ఎందుకంటే మీ షీట్‌లో పెద్ద పొరపాటు అక్కడే ఉంది.

మీరు సీటీసీని అలాగే తెచ్చి కాలమ్‌లో పెట్టారు. సీటీసీ అంటే మీకోసం కంపెనీ లెక్కలో రాసుకున్న ఖర్చు. మీ ఇంటికి కావలసిన అంకె వేరే: నెలాఖరుకు, ఊరు మారినందువల్ల అయ్యే ఖర్చులు పోను, ఒంగోలు ఇంటికి ఎంత చేరుతుంది? హైదరాబాద్ ఉద్యోగాన్ని అలా విప్పి చూద్దాం. 7.2 లక్షలంటే నెలకు 60,000. మీ ఆఫర్‌లో పది శాతం వేరియబుల్ ఉందన్నారు, అంటే 6,000 నెలనెలా రాదు. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ పేరుతో సుమారు 1,150, ఇవి కూడా ఆ 60,000 లోపలే ఉంటాయి. మిగిలిన 51,050లో మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 49,000. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఈ స్థాయి జీతాలకు ఆదాయపు పన్ను పడదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు అక్కడి ఖర్చు. కుటుంబం ఒంగోలులోనే ఉంటుందన్నారు, అందుకని మీ ఒక్కరికే: గది, కరెంటు 8,500, తిండి 6,000, సిటీలో తిరగడానికి 2,000, నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చి పోవడానికి 2,500. మొత్తం 19,000. ఇంటికి చేరేది 30,000.

అదే లెక్క శ్రీసిటీకి వేస్తే: నెలకు 50,000లో కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ పోను 46,700, మీ కోతలు పోను 44,700. సూళ్లూరుపేటలో మరొకరితో కలిసి గది, తిండి, వారం వారం రైలు కలిపి 9,500 అనుకుంటే మిగిలేది 35,000. కృష్ణపట్నం వైపు ఉద్యోగానికి చేతికి 35,400, నెల్లూరులో గది ఖర్చులు 6,500 పోతే 29,000. చీమకుర్తికి చేతికి 30,500, బండి పెట్రోలు, బయటి తిండి కలిపి 3,500 పోతే 27,000.

సీటీసీలో నాలుగు లక్షల నుంచి ఏడు లక్షల దాకా సాగిన తేడా, ఇంటికి చేరే డబ్బు దగ్గర 27,000 నుంచి 35,000 మధ్యకు వచ్చేసింది. పైగా అందరికంటే ఎక్కువ ఇచ్చేది హైదరాబాద్ కాదు, శ్రీసిటీ. నా ఖర్చుల అంచనా మీకు నప్పకపోతే మీ అంకెలు వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే. మీ నాలుగు ఆఫర్లలోనూ పీఎఫ్ ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. ఒక చోట ఉండి ఇంకో చోట లేకపోతే అలా వదిలేయకూడదు. రెండు వాటాలూ కలిపి నెలకు 3,600, అది మీ డబ్బే.

ఒక జాగ్రత్త: అద్దె, ప్రయాణం ఖర్చు జీతం కాలమ్‌లో తీసేశాం కదా, 'ఊరు' కాలమ్‌లో మళ్లీ ఆ ఖర్చును చూడకూడదు. చాలామంది షీట్లలో ఇది రెండుసార్లు కోత పడుతుంది. హైదరాబాద్ ఖరీదైన ఊరని జీతంలో ఒకసారి, ఊరు దగ్గర ఇంకోసారి మార్కులు తగ్గించేస్తారు. మీ ఊరు కాలమ్‌లో కొలవాల్సింది ఒక్కటే, నెలలో ఎన్ని రాత్రులు ఇంట్లో పడుకుంటారు అని.

ఇక సున్నా, పది. నాలుగింటిలో తక్కువదానికి 0, ఎక్కువదానికి 10 వేయడం తేలిక, చాలామంది అదే చేస్తారు. అది చేయొద్దంటాను. రేపు ఐదో చోట నుంచి పిలుపు వచ్చిందనుకోండి, ఇంటికి 12,000 మాత్రమే మిగిలేది. మీరు దానికి ఎలాగూ వెళ్లరు. అయినా షీట్‌లో సున్నా 12,000 దగ్గరికి దిగిపోతుంది, 27,000కీ 35,000కీ మధ్య మార్కుల తేడా కుంచించుకుపోతుంది, మొదటి రెండు స్థానాలు అటూ ఇటూ మారిపోవచ్చు. కావలి కుర్రాడొకడికి సరిగ్గా ఇలాగే జరిగింది. వద్దనుకున్న ఉద్యోగాన్ని షీట్‌లో ఉంచితే ఒకటి, తీసేస్తే ఇంకొకటి ముందుకు వస్తోందని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. సున్నా, పది అనేవి ఆఫర్లను చూసి పుట్టకూడదు, మీ జీవితాన్ని చూసి పుట్టాలి.

మీకోసం నేను రాసింది ఇది. జీతానికి సున్నా అంటే ఇప్పుడు మీకు మిగులుతున్న 25,000. పది అంటే మీ అనుభవానికి ఈ ఏడాది అందగలిగిన మంచి అంకె 40,000. మధ్యలో ప్రతి 1,500కి ఒక మార్కు. అప్పుడు హైదరాబాద్ 3.3, శ్రీసిటీ 6.7, కృష్ణపట్నం 2.7, చీమకుర్తి 1.3.

ఊరికి సున్నా అంటే నెలకు రెండు రాత్రులు, పది అంటే రోజూ ఇల్లే. ఇక్కడ మాత్రం జీతంలా సమంగా మార్కులు పంచకండి. నెలకు నాలుగు రాత్రులు వచ్చే మనిషికి ఎనిమిది రాత్రులైతే ఎంతో ఊరట. ఇరవై రెండు రాత్రులు ఉండేవాడికి ఇంకో నాలుగు కలిసినా పెద్ద తేడా తెలియదు. అందుకే మొదటి రాత్రులకు మార్కులు ఎక్కువ వేశాను. హైదరాబాద్ నాలుగు రాత్రులకు 1, శ్రీసిటీ ఆరు రాత్రులకు 3, నెల్లూరు ఎనిమిది రాత్రులకు 4, కర్నూలు రోడ్డు మీద బండేసుకుని సాయంత్రానికి ఇంటికి చేరే చీమకుర్తికి 10.

ఎదుగుదలకు సున్నా అంటే మూడేళ్ల తర్వాత కూడా ఇదే పని, రెజ్యూమేలో కొత్తగా ఒక్క లైను కూడా చేరదు. పది అంటే మూడేళ్లలో మీ కింద ఒక టీమ్, బయట నాలుగు కంపెనీలు అడిగే కొత్త పని చేతిలో ఉండటం. దీన్ని కంపెనీ పేరు చూసి వేయకండి. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న అడగండి: "ఈ సీట్లో ఇంతకుముందు పనిచేసిన వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?" పైకి వెళ్లారంటే మంచి మాట. బయటికి వెళ్లి మంచి చోట చేరారన్నా మంచి మాటే. జవాబు దాటేశారంటే మార్కు తగ్గించండి. మీరు రాసిన వివరాల్ని బట్టి హైదరాబాద్ 7, శ్రీసిటీ 8, కృష్ణపట్నం 3, చీమకుర్తి 4.

స్థిరత్వం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన వైపు అందరూ తప్పుగా చదివే కాలమ్ ఇది. మీరు కృష్ణపట్నానికి 7 వేశారు, ఎందుకని అడిగితే "అది పెద్ద ప్లాంటు కదా" అని రాశారు. ప్లాంటు పెద్దదే, కాని మీరు ప్లాంటు మనిషి కారు. ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుందో వాళ్ల మనిషి. కాంట్రాక్టు గడువు తీరి ఇంకొకరికి వెళ్తే ప్లాంటు అక్కడే ఉంటుంది, గేటు పాసు మాత్రం మీ దగ్గర ఉండదు. నేనే ఒకసారి ఇలా దెబ్బతిన్నాను. తొలి రోజుల్లో ఒక కాంట్రాక్టు సంస్థ జీతపు పట్టీలో చేరాను. బయట బోర్డు చూసి గట్టి ఉద్యోగమనుకున్నాను. మొదటి నాలుగు నెలలు ఏడో తారీఖు, తర్వాత పదిహేను, తర్వాత ఇరవై రెండు. జీతం తారీఖు జరుగుతూ పోవడమే మొదటి గుర్తు అని అప్పుడు తెలియలేదు. పీఎఫ్ కోసి కట్టలేదని వదిలేసిన తర్వాత బయటపడింది.

అందుకని ఈ కాలమ్‌కి మార్కు వేసే ముందు అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న ఒకరిద్దరిని పట్టుకోండి. జీతం ఏ తారీఖున పడుతోంది, గత ఏడాదిలో ఆ తారీఖు ఎన్నిసార్లు తప్పింది, పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ కనిపిస్తోందా, ఇవి అడగండి. ఒంగోలులో ఏదో ఒక చుట్టరికం కలవకపోదు, టీ కొట్టు దగ్గర పది నిమిషాలు చాలు. చీమకుర్తి యూనిట్లకు ఇంకో ప్రశ్న కలపండి: సరుకు ఎన్ని దేశాలకు, ఎంతమంది కొనుగోలుదారులకు వెళ్తోంది? నల్ల గెలాక్సీ రాయికి ప్రపంచమంతా గిరాకీ ఉన్నా, ఒక యూనిట్ ఒకే దేశపు ఆర్డర్ల మీద నడుస్తుంటే ఆ దేశంలో ఇళ్ల నిర్మాణం ఆగినప్పుడు ఇక్కడ షిఫ్టులు తగ్గుతాయి. సున్నా అంటే ఏడాది లోపే పోవచ్చు, పది అంటే ఐదేళ్లు తారీఖు తప్పని జీతం అనుకుంటే, హైదరాబాద్‌కి 6, శ్రీసిటీకి 7, కృష్ణపట్నానికి 2, చీమకుర్తికి 4 వేశాను.

వెయిట్లు వేయక ముందే ఇప్పుడు షీట్‌ని ఒకసారి చూడండి. శ్రీసిటీ, హైదరాబాద్ పక్కపక్కన పెట్టండి. జీతం 6.7కి 3.3, ఎదుగుదల 8కి 7, ఊరు 3కి 1, స్థిరత్వం 7కి 6. నాలుగింటిలోనూ శ్రీసిటీయే పైన. అంటే ఏ వెయిట్ వేసినా హైదరాబాద్ గెలవదు. మీ షీట్‌లో మొదట నిలిచిన ఉద్యోగం ఇది! కృష్ణపట్నం కూడా అంతే. ఊరి విషయంలో శ్రీసిటీ కంటే ఒక మార్కు ఎక్కువే గాని, ఊరే ముఖ్యమనుకునేవాళ్లకు చీమకుర్తి ఉంది, మిగతావి ముఖ్యమనుకునేవాళ్లకు శ్రీసిటీ ఉంది. మధ్యలో దీనికి చోటు లేదు.

ఇక వెయిట్లు. "జీతం ముఖ్యమా, ఊరు ముఖ్యమా" అని అడిగితే అందరూ జీతమే అంటారు, ఆ ప్రశ్నకు అర్థం లేదు. ఎంత జీతం, ఎంత ఊరు అని ఉండాలి. ప్రశ్న ఇలా వేసుకోండి: నాలుగు కాలమ్‌లలోనూ సున్నా ఉన్న ఉద్యోగంలో ఉన్నారు. మిగిలేది 25,000, ఇంట్లో రెండు రాత్రులు, ఎదుగుదల లేదు, ఏడాదిలో పోవచ్చు. ఒక్కదాన్ని మాత్రం సున్నా నుంచి పదికి లేపుకోవచ్చంటే దేన్ని లేపుతారు? ఆ తర్వాత దేన్ని? వెయిట్ అంటే ఆ ఎగబాకుడుకు మీరిచ్చే విలువ. జీతం పరిధి 25,000 నుంచి 28,000 అయి ఉంటే, జీతం ఎంత ముఖ్యమైనా దాని వెయిట్ చిన్నదే కావాలి.

నేను దీన్ని చింతగింజలతో చేయిస్తాను. నాలుగు గిన్నెలు, ఇరవై గింజలు. గిన్నె మీద కాగితం ముక్క అంటించి సున్నా, పది రెండూ రాయండి. మీరు ఒకసారి పంచండి, గింజలన్నీ తీసేసి మీ భార్యను విడిగా పంచమనండి. ఒకరు పంచేటప్పుడు ఇంకొకరు ఆ గదిలో ఉండొద్దు. తర్వాత రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. సగటు తీయకండి. ఏ గిన్నెలోనైనా రెండు గింజల కంటే ఎక్కువ తేడా వస్తే, మీ ఇంట్లో మాట్లాడుకోవాల్సింది ఆ ఒక్క విషయమే. షీట్‌లో గింజల్ని రెండో వరుసలో రాసి, ఉద్యోగాలు మూడో వరుస నుంచి పెడితే మొత్తానికి ఇది సరిపోతుంది:

```
=SUMPRODUCT($B$2:$E$2,B3:E3)/SUM($B$2:$E$2)
```

మీరు రాసినదాన్ని బట్టి నేను పంచితే ఊరికి 6, జీతానికి 5, స్థిరత్వానికి 5, ఎదుగుదలకు 4 వచ్చాయి. మొత్తాలు: శ్రీసిటీ 5.9, చీమకుర్తి 5.1, హైదరాబాద్ 4.0, కృష్ణపట్నం 3.0. మీ పాత షీట్‌లో మొదటికీ చివరికీ తేడా 0.4, ఇక్కడ దాదాపు మూడు. మొత్తాలు తగ్గాయని కంగారు పడకండి, పదికి ఐదంటే ఫెయిల్ కాదు.

ఇప్పుడు మీ అసలు భయం, వెయిట్ కదిపితే ఫలితం మారడం. దాన్ని కావాలనే కదిపి చూడాలి, ఎంత కదిపితే మారుతుందో తెలియడం కోసం. జీతం గిన్నెలోంచి ఒక గింజ తీసి ఊరు గిన్నెలో వేశాను: శ్రీసిటీ 5.7, చీమకుర్తి 5.6, వరుస మారలేదు. రెండు గింజలు మార్చాను: చీమకుర్తి 6.0, శ్రీసిటీ 5.6. కాబట్టి మీ ఇంటి ప్రశ్న ఇదీ: రోజూ ఇంటికి రావడం, ఇరవై గింజల్లో ఆరింటి పాటిదా, ఎనిమిదింటి పాటిదా? నాన్నగారి ఆరోగ్యం గురించి ఒక ముక్క రాసి వదిలేశారు. రాత్రిపూట మీరు పక్కన ఉండి తీరాలి అన్నంత పరిస్థితైతే, అది గింజలతో తేల్చే విషయం కాదు. అలాంటి షరతుల్ని షీట్ బయట, ముందే రాసుకోవాలి. ఆ షరతు తప్పిన ఉద్యోగానికి మిగతా మూడింట్లో పదేసి వచ్చినా లాభం లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి అనే కంపెనీని కూడా నేను మార్కుల దాకా రానివ్వను.

ఇంకొకటి. మార్కులన్నీ ఒకే పూట వేయకండి, ఒక్కో ఉద్యోగానికి నాలుగు మార్కులూ అడ్డంగా వేయకండి. నిలువుగా వేయండి: ఈ రోజు నాలుగింటికీ స్థిరత్వం మాత్రమే, రేపు ఎదుగుదల మాత్రమే. అడ్డంగా వేస్తే, మనసులో నచ్చిన ఉద్యోగానికి అన్ని గడుల్లోనూ ఒక్కో మార్కు తెలియకుండానే కలుస్తుంది. మీ పాత షీట్‌లో హైదరాబాద్ వరుస నాకు అలాగే కనిపించింది.

శ్రీసిటీకి సరే అనే ముందు ఒక లెక్క మళ్లీ చూసుకోండి. దాని ఆధిక్యమంతా ఆ 35,000 మీద ఉంది. మిగిలేది 30,000కి పడిపోతే జీతం మార్కు 6.7 నుంచి 3.3కి దిగి, చీమకుర్తితో సమానమైపోతుంది. ఐదు వేలు పోవడానికి ఎక్కువ కారణాలు అక్కర్లేదు. 6 లక్షల్లో షిఫ్ట్ అలవెన్సును కూడా కలిపి చూపించి ఉండొచ్చు, జనరల్ షిఫ్ట్‌లో వేస్తే అది రాదు. కంపెనీ బస్సు సూళ్లూరుపేట నుంచి ఉందా, తడ నుంచే ఉందా? గదిలో రెండోవాడు దొరక్కపోతే అద్దె మొత్తం మీదే. వీటిలో మొదటి రెండూ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టక ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. అంకెలు మారితే ఇక్కడే కింద పెట్టండి, మళ్లీ లెక్క వేసి చూద్దాం.